ఫైలు మీద రాసిన జబ్బు పేరు: ఎక్కడ మేలు, ఎక్కడ కీడు

ప్రశ్న: ఎమ్మెస్సీ సైకాలజీ చదువుతున్నాను. అబ్‌నార్మల్ సైకాలజీలో "మానసిక రుగ్మతల వర్గీకరణ వల్ల లాభాలు, ముద్ర వేయడం వల్ల ప్రమాదాలు చర్చించండి" అని ఎస్సే ఇచ్చారు. మా నోట్సులో రోసెన్‌హాన్ ప్రయోగం ఒక్కటే ఉంది. అది రాసేసి, లేబుళ్ళు చెడ్డవని తేల్చేస్తే సరిపోతుందా? ప్రాక్టీసులో ఉన్నవాళ్ళు ఎవరైనా చెప్పగలరా?

జవాబు:

సరిపోదు. రోసెన్‌హాన్ దగ్గరికి చివర్లో వద్దాం, ఆయనతో కొన్ని చిక్కులున్నాయి. మీ ఎస్సేని ఒక వీడియోతో మొదలుపెట్టండి.

1970 ప్రాంతంలో అమెరికా, బ్రిటన్ సైకియాట్రిస్టులకు ఎనిమిది మంది రోగుల ఇంటర్వ్యూలు వీడియో తీసి చూపించారు. చూసిన ప్రతి డాక్టరూ ఎవరికి వారే జబ్బు పేరు రాయాలి. ఆ ఎనిమిది మందిలో ఒకతన్ని పరిశోధకులు "రోగి ఎఫ్" అన్నారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కుర్రాడు. అతన్ని చూసిన అమెరికన్ డాక్టర్లలో 69 శాతం మంది స్కిజోఫ్రీనియా అని రాశారు. బ్రిటిష్ డాక్టర్లలో ఆ మాట రాసింది 2 శాతం మంది. మిగతా బ్రిటిష్ వాళ్ళలో ఎక్కువమంది వ్యక్తిత్వ లోపం అన్నారు. మనిషి ఒకడే, మాటలు అవే, టేపు కూడా అదే.

అప్పటికే ఒక వింత లెక్క అందరికీ తెలుసు. అమెరికా ఆసుపత్రుల్లో స్కిజోఫ్రీనియా రోగులు చాలా ఎక్కువ, ఇంగ్లండులో ఉన్మాదం, అంటే హద్దు దాటిన హుషారు, కుంగుబాటు రోగులు ఎక్కువ. జనంలో తేడా ఉందా, డాక్టర్లలో ఉందా అని తేల్చడానికి కూపర్, కెండెల్ మరికొందరు కలిసి ఒక ప్రాజెక్టు నడిపారు. న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రి, లండన్ దగ్గర ఒక ఆసుపత్రి తీసుకుని, ఒక్కోదాంట్లో వరసగా చేరిన 250 మందిని చూశారు. ఆసుపత్రి డాక్టరు రాసిన పేరు పక్కన పెట్టి, ప్రాజెక్టు మనుషులు రెండు చోట్లా ఒకే ప్రశ్నల పట్టికతో, ఒకే నిర్వచనాలతో మళ్ళీ పరీక్షించారు. అలా చేసేసరికి రెండు ఊళ్ళ మధ్య తేడా చాలావరకు కరిగిపోయింది. న్యూయార్క్ డాక్టర్లు స్కిజోఫ్రీనియా అన్న సంచీని బాగా సాగదీసి, ఉన్మాదంతో ఉన్నవాళ్ళని కూడా అందులోనే వేస్తున్నారని తేలింది. 1972లో ఈ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి.

"పేరు ఏదైతేనేం, రోగి రోగే కదా" అని మీ క్లాసులో ఎవరైనా అంటే, లిథియం గురించి చెప్పండి. ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ 1949లో రాశాడు. అమెరికాలో దానికి 1970లో అనుమతి వచ్చింది. అంతకుముందు ఉన్మాదాన్ని స్కిజోఫ్రీనియా నుంచి విడదీసినా విడదీయకపోయినా మందులో పెద్ద తేడా ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. పేరు తప్పు పడితే పనికొచ్చే మందు రోగికి అందదు. వర్గీకరణ వల్ల లాభం ఏమిటంటే నేను మొదట చెప్పేది ఇదే. "డాక్టర్ల మధ్య ఉమ్మడి భాష" అని నోట్సుల్లో ఉండే వాక్యం తప్పేమీ కాదు గానీ, అది చదివినవాడికి ఏమీ కనపడదు.

ఇది నా దగ్గర ఎలా జరిగిందో చెప్తాను. గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను.

కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలో నా క్లినిక్. చాలా ఏళ్ళ క్రితం ఒకామె తన కొడుకుని తీసుకొచ్చింది. ఇరవై నాలుగేళ్ళు, మోటార్లు రీవైండింగ్ చేసే షాపులో పని. వేరే ఊళ్ళో మూడుసార్లు ఆసుపత్రిలో చేరాడు. మూడు డిశ్చార్జి కాగితాల మీదా స్కిజోఫ్రీనియా. నెలకోసారి ఇంజెక్షన్. చేతులు బిగుసుకుపోయి, చిన్న చిన్న అడుగులేస్తూ నడుస్తున్నాడు. రీవైండింగ్ అంటే సన్నటి రాగి తీగతో పని, ఆ చేతులతో ఇంకేం చేస్తాడు.

తల్లికి తారీఖులు గుర్తులేవు, పండగలు గుర్తున్నాయి. అందుకని ఒక తెల్లకాగితం మీద అడ్డంగా గీత గీసి, దాని మీద సంక్రాంతులు, ఉగాదులు, వరి కోతలు గుర్తులు పెట్టి, ఎప్పుడెప్పుడు ఏం జరిగిందో ఆమెతోనే చెప్పించాను. గీతకి పైన హుషారు, కింద దిగులు. మొదటిసారి ఒక ఉగాది ముందు. వారం పాటు రాత్రి రెండు గంటలే నిద్ర, అయినా అలసట లేదు. తెల్లవారుజామున లేచి ఇల్లంతా కడిగేవాడు. నరసింహస్వామి తనతో మాట్లాడుతున్నాడని, గుడి కట్టించమన్నాడని చెప్పి, ధాన్యం అమ్మిన డబ్బు పంచేశాడు. రెండోసారీ మూడోసారీ ఇదే వరస: ముందు నిద్ర కరువవడం, తర్వాత మాటలు, తర్వాత స్వామి. ఈ మూడింటి మధ్యా షాపులో మామూలుగా పనిచేసుకున్నాడు, బిల్లులు రాశాడు, చెల్లెలి పెళ్ళి పనులు చూశాడు. ఒక సంక్రాంతి తర్వాత మాత్రం ఆరు నెలలు మంచం దిగలేదు. అది ఇంజెక్షన్ మత్తు అనుకున్నారట. ఆమె తమ్ముడికీ అలాంటి దిగులు వచ్చి పోతుండేదని చివర్లో, లేచి వెళ్ళబోతూ చెప్పింది.

గీత పూర్తయ్యేసరికి జవాబు కాగితం మీదే ఉంది. స్కిజోఫ్రీనియాలో సాధారణంగా హుషారూ దిగులూ లేని రోజుల్లో కూడా భ్రమలు, గొంతులు వినపడటం కొనసాగుతాయి, మనిషి పని సామర్థ్యం మెల్లమెల్లగా తగ్గుతుంది. ఇతనికి గొంతులు హుషారు ఉన్నప్పుడే వచ్చాయి, హుషారుతోనే పోయాయి, మధ్యలో మనిషి పూర్తిగా బాగున్నాడు. ఇది బైపోలార్, అంటే ఉన్మాదం, కుంగుబాటు మారి మారి వచ్చే జబ్బు. థైరాయిడ్, క్రియాటినిన్ పరీక్షలు చేయించి లిథియం మొదలుపెట్టాను, ఇంజెక్షన్ మెల్లగా తగ్గించి ఆపేశాను. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం తీస్తే లిథియం మోతాదు 0.7 వచ్చింది. సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండాలని చూస్తాం. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆసుపత్రి మెట్లు ఎక్కలేదు. చేతులు వదులయ్యాయి.

మొదటిరోజు చూసిన డాక్టరుని నేను తప్పుపట్టను. ఆవేళ ఆయన ముందున్నది పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, దేవుడి గొంతు వింటున్నాడు, నిలవడం లేదు. ఆ రాత్రికి ఇచ్చిన మందు కూడా సరైనదే. ఉన్మాదం ముదిరినప్పుడు ఒక్క రోజు చూసి దాన్ని స్కిజోఫ్రీనియా నుంచి విడదీయడం నిజంగా కష్టం. తప్పు రెండోసారి, మూడోసారి జరిగింది. పాత కాగితం మీదున్న పేరు చూసి కొత్త కాగితం మీద దింపేశారు, మళ్ళీ ఎవరూ మొదటి నుంచి అడగలేదు. వర్గీకరణలో ఉన్న నియమాలు వాడి ఉంటే ఆ తప్పు పట్టుబడేది. వర్గీకరణ లోంచి వచ్చిన పేరే దాన్ని కప్పేసింది. మీ ఎస్సే ప్రశ్నలో లాభాలు, ప్రమాదాలు అని రెండు భాగాలున్నాయి కదా, అవి రెండూ ఒకే కాగితం మీద ఉండటం మీరు చూపించగలిగితే బాగుంటుంది.

ఇక సిద్ధాంతం. న్యూయార్క్, లండన్ గొడవలాంటివి బయటపడ్డాక అమెరికాలో రాబర్ట్ స్పిట్జర్ నాయకత్వంలో 1980లో అక్కడి మానసిక జబ్బుల వర్గీకరణ పుస్తకం డీఎస్ఎమ్ మూడో కూర్పు వచ్చింది. అంతకుముందు కూర్పుల్లో జబ్బుకి ఒక పేరా వర్ణన ఉండేది, డాక్టరు తన అనుభవంతో పోల్చుకునేవాడు. ఇందులో లక్షణాల జాబితా, వాటిలో ఎన్ని ఉండాలి, ఎంతకాలం ఉండాలి, వేరే ఏ కారణాలు కొట్టేయాలి అని లెక్కగా పెట్టారు. ఇద్దరు డాక్టర్లు ఒకే రోగికి ఒకే పేరు పెట్టే అవకాశం పెరిగింది. మన దగ్గర ఆసుపత్రి రికార్డులకి వాడేది ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ. అందులో పద్ధతి కొంచెం వదులుగా ఉంటుంది గానీ దారి అదే.

ఇక్కడ విద్యార్థులు రెండు సంగతులని కలిపేస్తారు. ఇద్దరు ఒకే పేరు పెట్టడం వేరు, ఆ పేరు నిజంగా ఒక జబ్బుని పట్టుకోవడం వేరు. సంతలో తూకపు రాయి అరిగి తక్కువైందనుకోండి, ఆ రాయితో పదిమంది తూచినా ఒకటే బరువు వస్తుంది. పదిమందీ ఒప్పుకున్నారు కాబట్టి బరువు సరైనదని ఎవరూ అనరు. మొదటిదాన్ని విశ్వసనీయత అనీ, రెండోదాన్ని ప్రామాణికత అనీ మీ పాఠ్యపుస్తకం అంటుంది. డీఎస్ఎమ్ మూడో కూర్పు ముఖ్యంగా బాగుచేసింది మొదటిదాన్ని.

దానికి డిప్రెషన్ మంచి ఉదాహరణ. తొమ్మిది లక్షణాల్లో అయిదు, రెండు వారాల పాటు ఉండాలి. ఆ అయిదులో దిగులు గానీ, దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ ఒకటి తప్పనిసరి. ఇప్పుడు ఇద్దరిని తీసుకోండి. ఒకామెకి దిగులు ఉంది, నిద్ర లేదు, ఆకలి లేదు, అన్నిటికీ తనే కారణమనుకుంటుంది, చావు గురించే ఆలోచన. ఇంకొకతనికి దిగులు లేదు గానీ ఆసక్తి చచ్చిపోయింది, నీరసం, దేని మీదా మనసు నిలవదు, ఒళ్ళు కదలదు, పైగా రోజంతా నిద్ర. ఇద్దరి జాబితాలోనూ ఉన్నది "నిద్రలో తేడా" ఒక్కటే, అది కూడా ఒకరికి అటు, ఒకరికి ఇటు. ఇద్దరికీ కాగితం మీద ఒకే పేరు. 2013లో వచ్చిన అయిదో కూర్పుకి ముందు పరీక్షలు చేసినప్పుడు, ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూస్తే ఎంతవరకు ఏకీభవిస్తారో కప్పా అనే కొలతతో లెక్కేశారు. సున్నా అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే, ఒకటి అంటే పూర్తి ఏకాభిప్రాయం. పెద్ద డిప్రెషన్‌కి వచ్చింది 0.28. ఘోరమైన సంఘటన తర్వాత వచ్చే పీటీఎస్‌డీకి మాత్రం 0.67. అంటే పుస్తకం మొత్తం మీద ఒకే తీర్పు చెప్పకూడదు. కొన్ని పేర్లు గట్టివి, కొన్ని బాగా వదులు.

మన క్లినిక్కుల్లో ఇంకో చిక్కు ఉంది. డిప్రెషన్‌తో వచ్చేవాళ్ళలో చాలామంది దిగులని చెప్పరు. ఒళ్ళు లాగేస్తోంది, గుండె దడ, తలలో మంట, నరాల బలహీనత అంటారు. "నరాల బలహీనత" అనేది మన ఊరి లేబుల్. దానితో పెళ్ళి ఆగదు, పరువు పోదు. "పిచ్చి" అంటే రెండూ పోతాయి. అందుకే పిచ్చి డాక్టరు దగ్గరికి రానివాళ్ళు నరాల డాక్టరు బోర్డు చూసి వస్తారు. నా బోర్డు మీద కూడా న్యూరో అనే మాట ఉంది, ఒప్పుకుంటాను.

ఇప్పుడు రోసెన్‌హాన్. 1973లో సైన్స్ పత్రికలో వచ్చింది. మామూలు మనుషులు ఎనిమిది మంది, పన్నెండు ఆసుపత్రులు. గొంతులు వినపడుతున్నాయని మాత్రమే చెప్పి చేరారు, లోపలికి వెళ్ళాక మామూలుగా ప్రవర్తించారు. ఒక్కరు తప్ప అందరికీ స్కిజోఫ్రీనియా అని పేరు పడింది. సగటున 19 రోజులు ఉంచారు. నోట్సు రాసుకోవడం కూడా జబ్బు లక్షణంలా రికార్డుకెక్కింది. కథ బాగుంటుంది, అందుకే ప్రతి నోట్సులోనూ ఉంది. కానీ దీని మీద స్పిట్జర్ రాసిన విమర్శ కూడా ఎస్సేలో రావాలి. గొంతులు వినపడుతున్నాయని అబద్ధం చెప్పినవాడికి డాక్టరు జబ్బు పేరు పెట్టడం, ఆ డాక్టరు రోగి మాట నమ్మాడని చెప్తుంది తప్ప వర్గీకరణ పనికిరాదని చెప్పదు. పైగా డిశ్చార్జి మీద "ప్రస్తుతం లక్షణాలు లేవు" అని రాశారు, అంటే మార్పుని గమనించారన్నమాట. ఆ తర్వాత 2019లో సుసానా కహాలన్ అనే పాత్రికేయురాలు పాత రికార్డులు తవ్వితే, రోసెన్‌హాన్ తన వ్యాసంలో చెప్పినదానికంటే ఎక్కువ లక్షణాలు డాక్టరుకి చెప్పాడని బయటపడింది. మీ ఎస్సే మొత్తం దీని మీద నిలబెడితే నేల గట్టిది కాదు.

పేరు చూపుని మారుస్తుందని చూపించడానికి అంతకంటే శుభ్రమైన ప్రయోగం ఉంది. 1974లో లాంగర్, అబెల్సన్ చేసింది. ఒకే ఇంటర్వ్యూ వీడియోని మానసిక వైద్యం చేసేవాళ్ళకి చూపించారు. కొందరికి ఇతను ఉద్యోగానికి వచ్చిన అభ్యర్థి అన్నారు, కొందరికి రోగి అన్నారు. మనస్సు లోతుల్లోకి తవ్వి చూసే సంప్రదాయంలో శిక్షణ పొందినవాళ్ళు "రోగి" అని విన్నప్పుడు అదే మనిషిలో ఎక్కువ లోపాలు చూశారు. ప్రవర్తనను మాత్రమే చూడాలని శిక్షణ పొందినవాళ్ళకి పేరుతో అంత తేడా రాలేదు. ఈ చివరి సంగతిని వదిలేయకండి. ముద్ర చేసే హాని చూసేవాడి శిక్షణని బట్టి మారుతుంది.

మా కుర్రాడి విషయానికి వస్తాను, ఎందుకంటే అసలు ప్రమాదం ఆ తర్వాతే జరిగింది. అయిదో ఏడు, మే నెల. విరేచనాలు పట్టుకున్నాయి, ఒళ్ళునొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫినాక్ కొనుక్కున్నాడు. మూడో రోజుకి చేతులు బాగా వణుకుతున్నాయి, తూలుతున్నాడు, మాట ముద్దగా వస్తోంది, వాంతులు. దగ్గరలోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళారు. పాత ఫైలు చూపించారు. ఫైలు మీద సైకియాట్రీ అని ఉంది. "మీవాడికి మళ్ళీ తిరగబెట్టింది, మీ మెంటల్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి" అని నిద్రమాత్ర ఇచ్చి పంపేశారు. వాళ్ళు నా దగ్గరికి వచ్చేసరికి ఇంకో రాత్రి గడిచిపోయింది. రక్తంలో లిథియం 2.3. 1.5 దాటితే చాలు, విషంగా మారుతుందని చూస్తాం. ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని వెనక్కి లాగుకుంటాయి, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు దాన్ని ఇంకా బయటికి పోనివ్వవు. మందు ఆపి, సెలైన్ ఎక్కించి, డయాలసిస్ సౌకర్యం ఉన్న పెద్ద ఆసుపత్రికి పంపాను. బతికాడు. కొన్ని నెలలు నడకలో తూలు మిగిలింది.

ఫైలు మీద షుగర్ అని ఉన్న రోగికి అదే వణుకు, అదే తూలు ఉంటే ఆ రాత్రి రక్తపరీక్ష జరిగేది. మానసిక జబ్బు పేరున్న మనిషి ఒంట్లో ఏం జరిగినా మనసు ఖాతాలోకే రాస్తారు. పుస్తకాల్లో ముద్ర ప్రమాదం అంటే ఎక్కువగా ఆత్మగౌరవం, సమాజ వివక్ష అని రాస్తారు. అవీ ఉన్నాయి. కానీ నేను చూసినంతలో ముందుగా ప్రాణం మీదికి తెచ్చేది ఇదే, దాన్ని చేసేది కూడా చాలాసార్లు సాటి డాక్టర్లే.

చట్టం దగ్గర మన దేశం కొంచెం ముందుంది, దీన్ని ఎస్సేలో తప్పక పెట్టండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మూడో సెక్షన్ చదవండి. మానసిక జబ్బుని ఐసీడీ లాంటి ఒప్పుకున్న వైద్య ప్రమాణాలతోనే తేల్చాలంటుంది. అంటే వర్గీకరణకి చట్టబద్ధమైన చోటు ఇచ్చింది. అదే సెక్షన్‌లో, గతంలో చికిత్స తీసుకున్నాడన్న ఒక్క కారణంతో ఇప్పుడు జబ్బు ఉందని తేల్చకూడదనీ, జబ్బు ఉందని తేల్చినంత మాత్రాన కోర్టు చెప్పకుండా మతిస్థిమితం లేనివాడు అనుకోకూడదనీ ఉంది. మా కుర్రాడి మూడు డిశ్చార్జి కాగితాల మీద జరిగిన తప్పుకి అక్షరాలా జవాబు ఇది.

కోర్టులు ఈ సంగతి అంతకుముందే పట్టుకున్నాయి. హిందూ వివాహ చట్టం కింద భార్యకి స్కిజోఫ్రీనియా ఉందని విడాకులు అడిగిన ఒక కేసులో, ఆ పేరు తగిలిస్తే చాలదు, జబ్బు తీవ్రత కలిసి బతకలేనంత ఉందా అన్నది చూడాలని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. 2013లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే ఒక డాక్టర్ దంపతుల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కింది కోర్టు విడాకులిచ్చింది, హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు హైకోర్టు వైపే నిలబడింది. వైద్య విద్య పూర్తిచేసి ఉద్యోగం చేస్తున్న మనిషిని ఒక పేరు చూపించి కాపురానికి పనికిరాదనలేమన్నది అందులో ఒక ముఖ్యమైన ఆలోచన. మీకు అందుబాటులో ఉంటే ఈ రెండు తీర్పులూ చదవండి, తీవ్రత గురించిన భాగాలు మీ పాఠ్యపుస్తకం కంటే స్పష్టంగా ఉంటాయి.

ఎస్సే ఎలా రాయాలని అడిగారు కాబట్టి: రోగి ఎఫ్‌తో మొదలుపెట్టి, లిథియం వల్ల పేరుకి విలువ ఎలా వచ్చిందో రాసి, డిప్రెషన్ లెక్కతో ఆ పేర్లు ఎంత వదులో చూపించి, అప్పుడు లాంగర్, అబెల్సన్‌కి రండి. రోసెన్‌హాన్‌కి విమర్శతో కలిపి ఒక పేరా చాలు. చట్టం చివర్లో. లాభాలు ఇన్ని, నష్టాలు ఇన్ని అని రెండు నిలువు వరసలు గీయకండి, దిద్దేవాళ్ళు అలాంటివి రోజుకి నలభై చూస్తారు.

ఆ కుర్రాడు ఇప్పుడు సొంతంగా రీవైండింగ్ షాపు పెట్టుకున్నాడు. ఆ మే నెల తర్వాత అతని చొక్కా జేబులో ఉంచుకోవడానికి ఒక చీటీ రాసిచ్చాను. మొదటి లైనులో జబ్బు పేరు రాశాను. చదివి, పెన్ను అడిగి తీసుకుని ఆ లైను కొట్టేశాడు. మిగిలింది ఇది: "నేను లిథియం వాడుతున్నాను. వాంతులు, విరేచనాలు, వణుకు ఉంటే వెంటనే రక్తంలో లిథియం మోతాదు చూడండి. నొప్పి మాత్రలు ఇవ్వకండి." నేను కొత్త కాగితం మీద అంతే రాసి స్టాంపు వేసిచ్చాను.